చిన్నారి చేతికి తొలి వాచీ

ఆరేడేళ్ల పిల్లలకు వాచీ కొనాలని దుకాణానికి వెళితే ముందుగా కళ్లబడేవి లైట్లు వెలిగే డిజిటల్ వాచీలు, కార్టూన్ బొమ్మల వాచీలు. అంకెలు చదవడం వచ్చిన బిడ్డ డిజిటల్ వాచీలో టైము ఇట్టే చెప్పేస్తుంది. కానీ గోడ గడియారం చూడటం దానివల్ల రాదు. తొలి వాచీకి ముళ్లు ఉండాల్సిందే.

మూడూ నలభై అయిందనుకుందాం. పెద్దముల్లు 8 మీద ఉంటుంది. చిన్నముల్లు 3 దాటి 4కు చేరువలో ఉంటుంది. అది చూసి చాలామంది పిల్లలు ‘నాలుగూ ఎనిమిది’ అంటారు. చిన్నముల్లు 4ను తాకేదాకా గంట మూడేనని వాళ్లకు ఇంకా తెలియదు. 8 దగ్గర నలభై నిమిషాలని తెలియాలంటే అయిదో ఎక్కం రావాలి.

ఈ రెండు చిక్కులనూ విప్పేది మంచి డయలే. దానిమీద 1 నుంచి 12 వరకు అన్ని అంకెలూ ఉండాలి. అంచు వెంబడి 5, 10, 15 అంటూ నిమిషాలు విడిగా రాసి ఉండాలి. ముళ్లు రెండూ వేర్వేరు రంగుల్లో ఉండి, గంటల అంకెలు చిన్నముల్లు రంగులో, నిమిషాలవి పెద్దముల్లు రంగులో ఉంటే మరీ మంచిది. 1987లో మొదలైన స్విట్జర్లాండ్ వాచీ ఫ్లిక్ ఫ్లాక్ ఈ రెండు ముళ్లనూ అన్నాచెల్లెళ్లుగా పరిచయం చేసింది. టైమెక్స్ పిల్లల వాచీల్లో కొన్నింటికి ముళ్లమీదే ఏది గంటలదో, ఏది నిమిషాలదో రాసి ఉంటుంది. రోమన్ అంకెలున్నవీ, 12, 3, 6, 9 మాత్రమే ఉన్నవీ ఎంత ముద్దుగా ఉన్నా ఇప్పుడొద్దు. దుకాణంలోనే ముళ్లను మూడూ నలభైకి తిప్పి బిడ్డకు చూపించండి. బొమ్మల మధ్య ముళ్లు కనిపించక వెతుక్కుంటుంటే ఆ వాచీ పక్కన పెట్టేయండి.

ఆటల్లో దెబ్బలు తప్పవు. ప్లాస్టిక్ అద్దంమీద గీతలు పడతాయి కానీ, గాజులా పగిలి పెంకులు కావు. ‘30 మీటర్లు’ అని ఉన్నంత మాత్రాన ఈతకు పనికిరాదు, చేతులు కడిగేటప్పుడు పడే తుంపరలను తట్టుకుంటుందంతే.

పట్టీ విషయంలో గుడ్డదో, సాగేదో, వెల్క్రోదో నయం. బిడ్డే పెట్టుకోగలదు, ఉతకొచ్చు. వాచీ అడుగునుంచి వెళ్లే ఒకే గుడ్డ పట్టీ అయితే, ఒక వైపు పిన్ను ఊడినా వాచీ కిందపడదు. పట్టీ కింద పెద్దవాళ్ల వేలు ఒకటి దూరాలి. బకిల్ తగిలేచోట దురద, ఎర్రటి మచ్చలు వస్తే అందులోని నికెల్ పడటం లేదేమో చూడాలి.

అన్నిటికన్నా ముఖ్యం వెనక మూత. గోటితో లాగి చూడండి, కదిలితే కొనొద్దు. లోపలి బటన్ సెల్ మింగితే ప్రమాదం. ముఖ్యంగా రూపాయి బిళ్లలాంటి పెద్ద లిథియం సెల్ ఆహారనాళంలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే కణజాలం కాలిపోవచ్చు. మింగిందన్న అనుమానం వచ్చినా వాంతి చేయించకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. సెల్ మార్పించినప్పుడు పాతది ఇంటికి తేవద్దు, దుకాణంలోనే ఇచ్చేయండి.