పాతికేళ్ల పెళ్లిరోజున మైకు పట్టుకుంటే

తండ్రికి అరవై నిండితే షష్టిపూర్తి చేస్తారు. హోమం, అభిషేకం, మళ్లీ మాంగల్యధారణ, ఇలా తంతు అంతా పురోహితుడే నడిపిస్తాడు, పిల్లలు ఆయన చెప్పినట్టు చేస్తే చాలు. పెళ్లయి పాతికేళ్లు నిండినప్పుడు మాత్రం మన ఇళ్లలో అలా స్థిరపడిన క్రమం లేదు. కొందరు పొద్దున సత్యనారాయణ వ్రతం చేసుకుంటారు. సాయంత్రం ఫంక్షన్ హాలు, దండలు మార్చుకోవడం, కేకు, భోజనాలు. ఆ సాయంత్రానికి మంత్రం లేదు కాబట్టే కొడుకో కూతురో మైకు పట్టుకుని చెప్పే నాలుగు మాటల మీద అందరి చెవీ ఉంటుంది.

చిక్కు ఎక్కడంటే, ఆ మాట్లాడేవాళ్లకు ఇరవై మూడో ఇరవై నాలుగో ఏళ్లుంటాయి. అమ్మానాన్నల పెళ్లి వాళ్లు చూడలేదు, కాపురం తొలి రోజులు వాళ్లకు తెలియవు. ఊహ తెలిశాక చూసింది పదిహేను, పదహారేళ్ల కాలం. అందుకే చాలామంది తెలిసింది పక్కన పెట్టి, అందరూ అనే మాటలు అందుకుంటారు. ‘మా అమ్మానాన్నలు ఆదర్శ దంపతులు. వాళ్ల త్యాగం వెలకట్టలేనిది. మా కోసం ఎన్నో కష్టాలు పడ్డారు.’ ఇందులో అబద్ధం ఏమీ లేదు. కానీ ఇవే మాటలు పక్క హాల్లో జరుగుతున్న మరో జంట వేడుకలో చదివినా సరిగ్గా సరిపోతాయి. వినేవాళ్లలో మేనత్తలున్నారు, పినతండ్రులున్నారు. ఆ ఇంటి సంగతులు మాట్లాడే పిల్లకంటే వాళ్లకే ఎక్కువ తెలుసు. ఊరికే పొగిడితే వాళ్ల చూపులు వెంటనే భోజనాల వైపు తిరుగుతాయి.

ఒక ఇంటిని ఊహించుకుని చూద్దాం. తెలంగాణలో ఒక పట్టణం. నాన్న ఆర్టీసీ కండక్టరు, అమ్మ ఇంట్లో మిషన్ కుడుతుంది. పెళ్లి 2001లో అయింది. ఏడాదికి పుట్టిన కూతురు ఇప్పుడు నర్సు. వేడుకలో ఆమె మాట్లాడాలి. పైన చెప్పిన మూడు వాక్యాలే మొదట రాసుకుంది అనుకుందాం. ఆ కాగితాన్ని బాగుచేయడానికి అందులోని ఒక్కో మాటను పట్టుకుని ‘ఇది నేను ఎప్పుడు చూశాను?’ అని అడగాలి. ‘కష్టాలు’ అన్న మాట దగ్గర ఆగితే ఆమెకు 2019 గుర్తుకు రావాలి. ఆ ఏడాది అక్టోబరు 5న మొదలైన ఆర్టీసీ సమ్మె 50 రోజులకు పైగా సాగింది. సెప్టెంబరులో చేసిన పనికి జీతం కూడా అప్పట్లో రాలేదు. ఆమె అప్పుడు ఇంటర్ రెండో ఏడు చదువుతోంది. ఆ రోజుల్లో ఒక రాత్రి చూసిన దృశ్యాన్ని తమ ఇంట్లో మాట్లాడుకునే తీరులోనే ఇలా రాసుకోవచ్చు:

‘రాత్రి నీళ్లు తాగనీకి లేచిన. అమ్మ మిషన్ మీద జాకెట్లు కుడుతున్నది. నాయిన గోడకు ఆనుకొని కూసొని చీరకు ఫాల్ కుడుతున్నడు. అప్పటిదాక ఆయన సూది పట్టంగ నేను చూడలే. కుట్టు వంకర పోతే అమ్మ ఏమనలే, విప్పి ఆయన చేతికే ఇచ్చింది. ఆయన మళ్ల కుట్టిండు. తెల్లారి పరీక్ష ఫీజు సంగతి ఎట్ల అడగాల్నో అనుకుంట లేచిన. పైసలు నా పుస్తకంల పెట్టి ఉన్నయి.’

ఇందులో త్యాగం అన్న మాట లేదు, ఆదర్శం అన్న మాటా లేదు. అయినా ఆ ఇద్దరూ ఎలాంటివాళ్లో హాల్లో చివరి వరుసలో కూర్చున్నవాళ్లకు కూడా తెలుస్తుంది. వంకర కుట్టును భర్త చేతికే తిరిగి ఇవ్వడం చిన్న విషయం. కానీ ఆ పాతికేళ్ల కాపురంలో ఒకరి మీద ఒకరికి ఉన్న గౌరవమంతా అందులోనే ఉంది. ఇలాంటి సంఘటన ఒక్కటి దొరికితే ఉపన్యాసానికి చాలు. రెండోది దొరికినా దాచుకోవడం మంచిది. తమ్ముడు కూడా మాట్లాడతానంటే అతనికి ఇవ్వొచ్చు.

సంఘటన చెప్పి ఆపేస్తే మాత్రం అది జ్ఞాపకంగానే మిగులుతుంది, కృతజ్ఞత కాదు. అమ్మానాన్నలను చూసి నేర్చుకున్నాను అన్నవాళ్లు, ఆ నేర్చుకున్నది ఇప్పుడు తమ బతుకులో ఎక్కడుందో చూపించాలి. చాలా ఉపన్యాసాలు తేలిపోయేది ఇక్కడే. ‘మీ అడుగుజాడల్లో నడుస్తాం’ అని రేపటి సంగతి చెప్పి దిగిపోతారు. ఈ నర్సు చెప్పాల్సింది నిన్నటి సంగతి: ‘ఇప్పుడు నా డ్యూటీ అయిపోయినంక పక్క వార్డుల మనుషులు తక్కువైతే కొంచెంసేపు ఉంటున్న. ఇది ఎవల పని అని అడుగుత లేను. నాకు అది నేర్పింది ఆ రాత్రే.’ తల్లిదండ్రులకు ఇంతకంటే సూటిగా చెప్పే థాంక్స్ లేదు.

ఇక ఈ పద్ధతిలో ఉన్న ప్రమాదం గురించి చెప్పుకోవాలి. డబ్బులు లేని రోజుల గురించి పిల్లలకు గర్వంగా ఉండొచ్చు. తండ్రికి తన బావమరుదుల ముందు, డిపోలో తోటివాళ్ల ముందు ఆ సంగతి వినడం ఇబ్బంది కావచ్చు. పార్టీ గుట్టుగా ఏర్పాటు చేసినా, ఈ కథ మాత్రం గుట్టుగా ఉంచకూడదు. కనీసం అమ్మనైనా ముందు అడగాలి. ఆమె మొహంలో సందేహం కనిపిస్తే ఫీజు ముక్క, జీతం ముక్క తీసేసి, ఇద్దరూ కలిసి కుట్టిన సంగతి మాత్రం ఉంచొచ్చు. అది కూడా వద్దంటే మరో సంఘటన వెతుక్కోవాలి, అంతే. ‘వీళ్లు ఎప్పుడూ గొడవ పడలేదు’ అన్న వాక్యం ఎవరూ అడగకముందే కొట్టేయాలి. అది నిజం కాదని మొదట నవ్వేది బంధువులే. అలాగని ఆ గొడవల్ని మైకులో వివరించడమూ తగదు. పాతికేళ్లయినా మానని పుండ్లు కొన్ని ఉంటాయి, వాటిని రేపడానికి కొడుకైనా కూతురైనా హక్కున్నవాళ్లు కారు.

నాలుగు నిమిషాలు సరిపోతుంది. ఎంతసేపు వస్తుందో కాగితం చూసి అంచనా వేస్తే తప్పుతుంది. ఫోన్లో టైము పెట్టుకుని గొంతెత్తి చదివితేనే తెలుస్తుంది. అలా చదివినప్పుడే గొంతు ఏ వాక్యం దగ్గర పూడుకుపోతుందో కూడా బయటపడుతుంది. ఆ వాక్యానికి ముందు కాగితం మీద ఒక గీత పెట్టుకుని, అక్కడ ఆగి ఊపిరి తీసుకోవాలి. ఏడుపొస్తే తప్పేం లేదు. మాట అర్థం కాకుండా పోతేనే నష్టం. మైకు ముందు ఫోన్ చూసి చదవడం కంటే పెద్ద అక్షరాలతో రాసుకున్న కాగితం నయం. మధ్యలో కాల్ వచ్చినా, స్క్రీన్ ఆరిపోయినా దారం తెగుతుంది. దండలు మార్చుకున్నాక, భోజనాలు మొదలుకాకముందే మాట్లాడాలి. వడ్డన మొదలైందంటే డీజే సౌండ్ ఎంత పెంచినా మాట వినబడదు. మాట్లాడేటప్పుడు జనం వైపు కాక అమ్మానాన్నల వైపు సగం తిరిగి నిలబడమని ఫొటోగ్రాఫరు ఒప్పుకోకపోయినా అడగాలి. ఆ మాటలు వాళ్లిద్దరికి చెప్పేవే కదా.

ఈ ఏడాది ఇంట్లో పాతికేళ్ల పెళ్లిరోజు ఉన్నవాళ్లు హాలు బుక్ చేసే రోజే ఆ ఒక్క సంఘటన కూడా వెతుక్కోవడం మొదలుపెట్టాలి. గుర్తు రాకపోతే మేనత్తకో పిన్నికో ఫోన్ చేయండి. గుర్తు వచ్చాక, ‘ఇది చెప్పొచ్చా అమ్మా?’ అని అడగడం మరిచిపోకండి.