తెరపై కనిపించిన మాటే శీర్షిక

సాఫ్ట్‌వేర్ సహాయ కేంద్రంలో వ్యాసం ఎంత బాగున్నా, వెతికేవారు టైప్ చేసే మాటలు దాని శీర్షికలో లేకపోతే అది వారికి దొరకడం కష్టం. పొరపాటు ఎదురైనవారు సాధారణంగా తెరమీది సందేశాన్నే కాపీ చేసి వెతుకుతారు.

క్రోమ్ బ్రౌజర్‌లో వచ్చే NET::ERR_CERT_DATE_INVALID దీనికి మంచి ఉదాహరణ. కంప్యూటర్ గడియారం తప్పుగా ఉన్నా, వెబ్‌సైట్ భద్రతా సర్టిఫికెట్ గడువు తీరినా ఈ కోడ్ కనిపిస్తుంది. దీని వివరణకు ‘భద్రతా సర్టిఫికెట్ల నిర్వహణ’ అని పేరు పెడితే, ఆ కోడ్‌తో వెతికేవారికి అది తమ సమస్య గురించేనని తెలియదు. ‘NET::ERR_CERT_DATE_INVALID వస్తే తేదీ, సమయం సరిచూడడం’ అన్న శీర్షికలో కోడ్ అక్షరం మారకుండా ఉంది, చేయాల్సిన పనీ ఉంది. గడియారం సరిగానే ఉంటే లోపం వెబ్‌సైట్‌ది కావచ్చని వ్యాసం లోపల చెప్పాలి.

సందేశంలో వెబ్‌సైట్ పేరు, ఫైలు పేరు వంటివి ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటాయి కనుక శీర్షికలో మారని భాగాన్నే ఉంచాలి. కొత్త వెర్షన్‌లో సందేశం మారితే శీర్షికనూ మార్చి, పాత మాటలను వ్యాసంలో నిలపాలి.

పొరపాటు లేని పనులకు క్రియే ముఖ్యం. ‘పాస్‌వర్డ్ విధానాలు’ కన్నా ‘మరచిపోయిన పాస్‌వర్డ్ మార్చుకోవడం’ వెతికేవారి మాటకు దగ్గరగా ఉంటుంది. ఫలితం లేకుండా ముగిసిన వెతుకులాటల జాబితా చూస్తే, ఏ శీర్షికలు సరిచేయాలో తెలుస్తుంది.