అంగన్‌వాడీ పిల్లల్లో విటమిన్ ఎ లోపం: కన్ను, కార్డు, ఆహారం

బడి ఈడు రాని పిల్లల్లో విటమిన్ ఎ లోపం తరచుగా చీకటి పడే వేళ బయటపడుతుంది. మసక వెలుతురులో చూపునకు అవసరమైన రోడాప్సిన్ అనే వర్ణకం తయారీకి ఈ విటమిన్ తప్పనిసరి. కాబట్టి పరీక్ష తల్లిని అడగడంతో ప్రారంభం కావాలి. పగలు బాగా తిరిగే బిడ్డ దీపాలు పెట్టే వేళకు గోడ పట్టుకొని నడుస్తున్నదా, కంచంలో అన్నాన్ని తడుముకుంటున్నదా అని అడిగితే సరైన జవాబు వస్తుంది. రెండేళ్లు నిండని పిల్లల విషయంలో ఈ ప్రశ్న అంతగా ఉపయోగపడదు.

తరువాత పగటి వెలుతురులో కంటి తెల్లగుడ్డును చూడాలి. కణత వైపున నురుగువంటి, బూడిద తెలుపు మచ్చ ఉంటే అది బిటాట్ మచ్చ. తుడిస్తే నురుగు పోయినా మళ్లీ ఏర్పడుతుంది. అయితే కొందరు పెద్ద పిల్లల్లో చికిత్స తరువాత కూడా ఈ మచ్చ మిగిలిపోతుంది కనుక దానిని ఒక్కదానినే ప్రస్తుత లోపానికి రుజువుగా తీసుకోరాదు. నల్లగుడ్డు కాంతి తగ్గి పొడిబారినా, మెత్తబడినా అదే రోజు వైద్యుని వద్దకు పంపాలి.

దీనికి ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుందాం. 40 నెలల బాలికకు రేచీకటి ఉన్నది. జాతీయ కార్యక్రమం ప్రకారం 9 నెలలకు 1 లక్ష యూనిట్లు, 16-18 నెలలకు 2 లక్షలు, అటుపై ప్రతి ఆరు నెలలకు 2 లక్షల చొప్పున ఇవ్వాలి. అంటే ఆ వయసుకు ఐదు మోతాదులు అందాలి. కేంద్రం రిజిస్టరులో ఐదు టిక్కులున్నా తల్లి దగ్గరి కార్డులో రెండు తేదీలే ఉన్నాయి. పంపిణీ రోజున పేర్ల జాబితా మొత్తానికి ఒకేసారి టిక్కు పెట్టినప్పుడు ఇలా జరుగుతుంది. ఆ రోజు ఊరు వెళ్లిన బిడ్డ కూడా మందు తాగినట్లే లెక్కకు వస్తుంది. తేదీ లేని టిక్కును మోతాదుగా పరిగణించకపోవడమే మంచిది. లక్షణం కనిపించిన బిడ్డ చికిత్సకు రిజిస్టరు అడ్డు కారాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పద్ధతిలో ఏడాది దాటిన బిడ్డకు వెంటనే 2 లక్షల యూనిట్లు, మరునాడు అంతే, కనీసం రెండు వారాల తరువాత మరొకసారి ఇస్తారు. ఇది వైద్యాధికారి పర్యవేక్షణలోనే జరగాలి.

అదే బాలిక ఆహారాన్ని ఒక రోజు లెక్కతో తేల్చలేము. గత వారంలో ఎన్ని రోజులు ఏమి తిన్నదో అడగాలి. గుడ్డు, కాలేయం వంటివాటిలో విటమిన్ నేరుగా ఉంటుంది. మునగాకు, తోటకూర, బొప్పాయి, మామిడిపండులో ఉండేది కెరోటిన్ మాత్రమే. సుమారు 12 మైక్రోగ్రాముల బీటా కెరోటిన్ తింటే శరీరానికి 1 మైక్రోగ్రాము రెటినాల్ దక్కుతుంది. వంటలో నూనె లేకపోతే అదీ తగ్గుతుంది. పెరట్లో మునగచెట్టు ఉన్నదని రాసుకొని రావడం చాలదు. ఆ ఆకు బిడ్డ కంచంలోకి వచ్చిందా, నూనెతో వండారా అన్నది కూడా నమోదు చేయాలి.

పిల్లల్లో బిటాట్ మచ్చలు 0.5 శాతానికి మించితే దానిని ప్రజారోగ్య సమస్యగా గుర్తిస్తారు. అంటే 200 మందిలో ఒకరికి మించి. 30 మంది ఉన్న ఒక కేంద్రంలో ఎవరికీ మచ్చ లేకపోతే ఆ ప్రాంతంలో లోపం లేదని చెప్పడానికి వీలులేదు. అటువంటి 40 కేంద్రాలను కలిపి 1200 మందిని చూసినప్పటికీ హద్దు ఆరుగురి వద్దనే ఉంటుంది. ఒకరిద్దరిని తప్పుగా గుర్తించినా తీర్పు మారిపోతుంది.