పన్నెండు యూనిట్లకు 303 రూపాయలు

ఊళ్ళో అమ్మానాన్నల కరెంటు బిల్లు ఫొటో పిల్లల ఫోన్‌కు వస్తుంది. చాలామంది అడుగున ఉన్న మొత్తం చూసి కట్టేస్తారు. అలా కాకుండా ఫొటోలోని అంకెలను కాగితం మీద వరుసగా రాసుకుంటే, ఆ మొత్తం ఎక్కడ పెరిగిందో తెలుస్తుంది.

తెలంగాణలోని ఒక ఇంటి బిల్లు అనుకుందాం. ఉచిత విద్యుత్ పథకం వర్తించని ఇల్లు, లోడు 2 కిలోవాట్లు. ముందుగా రీడింగులు రాసుకోవాలి. పాతది 8436. కొత్తది ఫొటోలో 8643లా కనిపిస్తోంది. తీసివేస్తే 207 రావాలి, కానీ యూనిట్ల గడిలో 212 ఉంది. అంటే చివరి అంకె 3 కాదు, 8. ఆ చీటీ థర్మల్ కాగితం, అక్షరాలు త్వరగా వెలిసిపోతాయి. అందుకే ఈ తీసివేత చేయకుండా ముందుకు వెళ్ళకూడదు.

ఇక శ్లాబులు. 2022 ఏప్రిల్‌లో వచ్చిన టారిఫ్ ప్రకారం నెల వాడకం 100 పైన ఉండి 200 యూనిట్లు దాటకపోతే మొదటి వందకు యూనిట్ 3.40, రెండో వందకు 4.80 రూపాయలు. దాటితే మాత్రం పై యూనిట్లకే కాదు, మొదటి యూనిట్ నుంచే ధర మారిపోతుంది. తొలి 200 యూనిట్లకూ 5.10, ఆపైన 300 వరకు 7.70. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. మన ఇంటికి 200 యూనిట్లకు 1,020, మిగతా 12కు 92.40. ఎనర్జీ చార్జీలు మొత్తం 1,112.40.

ఫిక్స్‌డ్ చార్జీ కిలోవాట్‌కు 10 చొప్పున 20 రూపాయలు. ఇది లోడును బట్టి పడుతుంది కాబట్టి ఇంటికి తాళం వేసి వెళ్ళినా కట్టాల్సిందే. కస్టమర్ చార్జీ 100. పన్ను అంటే ఎలక్ట్రిసిటీ డ్యూటీ, యూనిట్‌కు 6 పైసల చొప్పున 12.72. కరెంటు మీద జీఎస్టీ లేదు. అన్నీ కలిపితే 1,245.12.

అదే ఇల్లు సరిగ్గా 200 దగ్గర ఆగి ఉంటే ఎనర్జీ చార్జీలు 820, ఫిక్స్‌డ్ 20, కస్టమర్ చార్జీ 90, డ్యూటీ 12, మొత్తం 942 రూపాయలు. పన్నెండు యూనిట్ల తేడాకు 303 రూపాయలు పెరిగాయన్నమాట. గీతకు దగ్గరగా వాడే ఇళ్ళు నెల మధ్యలో ఒకసారి మీటరు చూసుకోవడం ఇందుకే అవసరం.

మీ లెక్క కంటే బిల్లు ఎక్కువుంటే పాత బకాయి, ఏసీడీ వరుసలు చూడండి. ఏసీడీ అదనపు డిపాజిట్, అది ఈ నెల వాడకానికి సంబంధించింది కాదు. అవీ లేకపోతే మీటరు దగ్గరికి వెళ్ళండి. బిల్లులో రాసిన కొత్త రీడింగు కంటే ఈరోజు మీటరులో అంకె తక్కువగా ఉంటే రీడింగు తప్పు తీసినట్టే. మీటరు అంకెలూ సర్వీసు నంబరూ కనిపించేలా ఫొటో తీసి, బిల్లుతో పాటు సెక్షన్ ఆఫీసులో ఇవ్వండి.