తెగేలోపే నలిగిపోతుంది

బియ్యం మిల్లు నడుస్తూ నడుస్తూ హఠాత్తుగా ఆగుతుంది. మోటారు తిరుగుతూనే ఉంటుంది, బెల్టు బాగానే ఉంటుంది, పుల్లీ కూడా తిరుగుతుంది. దాని మధ్యలో ఉన్న షాఫ్టు మాత్రం కదలదు. ఫిట్టర్ వచ్చి పుల్లీ ఊడదీస్తే, రెండింటినీ కలిపి ఉంచిన చిన్న ఉక్కు ముక్క, అంటే కీ, రెండుగా తెగి కనిపిస్తుంది. అందుకే కీ అనగానే అందరికీ తెగడమే గుర్తొస్తుంది. లెక్క వేసి చూస్తే మాత్రం అసలు భయం వేరేచోట ఉంది.

పది హార్స్‌పవర్ మోటారు, అంటే సుమారు 7.5 కిలోవాట్లు, 360 ఆర్.పి.ఎం. దగ్గర షాఫ్టును తిప్పుతోందనుకుందాం. బెల్టు దగ్గర పోయే కాస్త నష్టాన్ని వదిలేస్తే టార్కు దాదాపు 200 న్యూటన్ మీటర్లు. షాఫ్టు వ్యాసం 40 మి.మీ. టార్కును 20 మి.మీ. వ్యాసార్ధంతో భాగిస్తే షాఫ్టు అంచున కీ మీద పడే బలం వస్తుంది: 10,000 న్యూటన్లు, టన్ను బరువుకు కాస్త ఎక్కువ. మిల్లు మొదలయ్యేటప్పుడు, ధాన్యం ఒక్కసారిగా పడినప్పుడు కుదుపులుంటాయి కాబట్టి ఒకటిన్నర రెట్లు చేసి 15,000గా తీసుకుందాం.

40 మి.మీ. షాఫ్టుకు ప్రామాణిక పట్టికలు చెప్పే కీ 12 మి.మీ. వెడల్పు, 8 మి.మీ. ఎత్తు. కాబట్టి మనం తేల్చవలసింది పొడవు ఒక్కటే.

షాఫ్టు ఒకవైపు లాగుతుంటే పుల్లీ హబ్ అడ్డుకుంటుంది. ఆ రెండింటి హద్దు దగ్గర కీ అడ్డంగా తెగాలని చూస్తుంది. తెగే చోటి వైశాల్యం వెడల్పు ఇంటూ పొడవు. మధ్యరకం కార్బన్ ఉక్కుకు మూడు రెట్ల భద్రత ఉంచుకుంటే కోతకు చదరపు మి.మీ.కు 60 న్యూటన్లు అనుమతించవచ్చు. 15,000ను 12తో, 60తో భాగిస్తే పొడవు 21 మి.మీ. చాలు.

ఇక నలగడం సంగతి. కీ పక్క గోడ హబ్ గాడి గోడను నొక్కుతుంది. ఉక్కుకు ఇక్కడ 120 దాకా అనుమతించవచ్చు, కోతకు రెట్టింపు. కానీ నొక్కుడుకు దొరికే చోటు మరీ తక్కువ. పాఠ్యపుస్తకాల లెక్క ప్రకారం ఎత్తులో సగం, అంటే 4 మి.మీ., హబ్‌ను తాకుతుంది. దాంతో పొడవు 31 మి.మీ. అవుతుంది. నిజంగా పట్టిక చూస్తే షాఫ్టు గాడి లోతు 5 మి.మీ. కాబట్టి హబ్ వైపు మిగిలేది 3 మి.మీ. మాత్రమే. అప్పుడు పొడవు 42 మి.మీ. కోతకు అవసరమైన దానికి ఇది రెట్టింపు. సగం ఎత్తు లెక్కతోనే ఆగిపోయిన డిజైన్ కాగితం మీద బాగుంటుంది, మిల్లులో కాదు.

ఇంకో చిక్కుంది. కీ చివరలు గుండ్రంగా ఉంటే ఆ వంపులు గోడను నిండుగా నొక్కవు. పొడవులోంచి ఒక వెడల్పు, అంటే 12 మి.మీ., తీసేయాలి. 42కు 12 కలిపితే 54. మార్కెట్లో దొరికే తర్వాతి పొడవు 56 మి.మీ. కాబట్టి అదే ఎంచుకుంటాం. హబ్ 60 మి.మీ. ఉంటే సరిపోతుంది. పుల్లీ పోత ఇనుముదైతే కథ మారుతుంది. మూడింటిలో మెత్తని లోహానిదే మాట చెల్లుతుంది. అనుమతిని 80కి దించితే 62 మి.మీ. పైనే కావాలి. ఈ హబ్‌లో అది పట్టదు.

అలాంటప్పుడు కీని ఇంకా పొడిగించుకుంటూ పోవడం పరిష్కారం కాదు. షాఫ్టు కాస్త మెలి తిరుగుతుంది కాబట్టి బలం కీ పొడవంతా సమంగా పడదు, ఒక చివరనే ఎక్కువగా పడుతుంది. షాఫ్టు వ్యాసానికి ఒకటిన్నర రెట్లు దాటితే అదనపు పొడవు పెద్దగా పనికిరాదు. షాఫ్టు లావు పెంచితే అదే టార్కుకు బలం తగ్గుతుంది, కీ కూడా పెద్దదవుతుంది. అలాగని గాడి ఊరికే రాదు. మూర్ అనే ఇంజినీరు పేరిట ఉన్న సూత్రం ప్రకారం, మన 40 మి.మీ. షాఫ్టులో ఈ గాడి వల్లే బలం అయిదో వంతు పోతుంది.

తెగిన కీ వెంటనే తెలిసిపోతుంది. నలిగే కీ మాత్రం నెలల తరబడి దొంగలా పనిచేస్తుంది. మిల్లు మొదలెట్టినప్పుడూ ఆపినప్పుడూ టక్కుమని చప్పుడు, పుల్లీని చేత్తో అటూ ఇటూ ఆడిస్తే చిన్న కదలిక, హబ్ అంచున ఎర్రటి తుప్పు పొడి కనిపిస్తే గాడి గోడలు నలుగుతున్నాయన్నమాట. ఆ దశలో కొత్త కీ పెట్టినా, గాడి వెడల్పయిపోయి ఉంటే అదీ వదులుగానే కూర్చుంటుంది. కొందరు గట్టి టూల్ స్టీలు ముక్కను దించేస్తారు. ముక్క నిలుస్తుంది, గాడి పాడవుతుంది. ఇరవై రూపాయల కీని కాపాడి షాఫ్టును పోగొట్టుకోవడం ఏ లెక్కకూ నిలవదు.