అతిథి పేరు ఆఖరి వరుసదాకా వినపడాలంటే

పుస్తకావిష్కరణ సభల్లో, బడి వార్షికోత్సవాల్లో వెనక వరుసల వాళ్లు పక్కవాళ్లను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: "ఎవరట ఆయన? పేరేమన్నారు?" అప్పటికి పరిచయకర్త మూడు నిమిషాలు మాట్లాడి ఉంటారు. అతిథి చదువు, ఉద్యోగాలు, అందుకున్న పురస్కారాలు అన్నీ బాగానే వినపడి ఉంటాయి. పేరొక్కటే వినపడదు. ఏ మాట కోసం ఆ పరిచయమంతా జరిగిందో ఆ మాటే మైకుకు అందకుండా పోతుంది.

ఎందుకంటే పేరు పలికే క్షణంలోనే మూడు పనులు ఒకేసారి జరుగుతాయి. గౌరవంగా అతిథి వైపు తల తిప్పుతాం. ఇంటిపేరో, బిరుదో తప్పిపోతుందేమోనని కాగితంలోకి గడ్డం దించుతాం. వాక్యం ముగింపుకొచ్చింది కాబట్టి గొంతు తగ్గిస్తాం. ఇందులో ఏ ఒక్కటి జరిగినా మాట పలచబడుతుంది. మూడూ కలిస్తే మాయమే అవుతుంది.

సభల్లో చేతికిచ్చే గుండ్రటి జాలీ తల మైకు చాలావరకు డైనమిక్ రకానిది. అమెరికాలో షూర్ కంపెనీ 1966లో తెచ్చిన ఎస్ఎం58 ఈ రూపానికి పేరు తెచ్చింది. మన మైకుసెట్ల వాళ్ల దగ్గర కనిపించేవాటిలో చాలా వాటిది ఆ పోలికే. ఇది ఎదురుగా, దగ్గరగా పలికిన మాటను బాగా పట్టుకుంటుంది. పక్కల నుంచి వచ్చేదాన్ని కొంత తగ్గించి, వెనక నుంచి వచ్చేదాన్ని బాగా తగ్గించి తీసుకుంటుంది. హాల్లోని గోల, స్పీకర్ల మోత లోపలికి రాకుండా ఉండటానికి అలా తయారుచేశారు. కాబట్టి మైకు ఎటు చూస్తోంది, పెదవులు ఎంత దగ్గరున్నాయి అన్న రెండు సంగతుల మీదే అంతా ఆధారపడి ఉంటుంది.

దూరానికి టేపు అక్కర్లేదు. నాలుగు వేళ్లు దగ్గరగా చేర్చి పెదవులకూ జాలీకీ మధ్య పెట్టి చూడండి. ఆ బెత్తెడు, అంటే సుమారు 3 అంగుళాలు, చేతి మైకుకు సరైన దూరం. అక్కడి నుంచి దూరం రెట్టింపైన ప్రతిసారీ మైకును తాకే శబ్ద తీవ్రత 6 డెసిబెల్స్ పడిపోతుంది. 3 అంగుళాల నుంచి 12 అంగుళాలకు జరిగితే 12 డెసిబెల్స్ పోతాయి. వినేవాళ్లకు గొంతు సగానికన్నా తగ్గినట్టు అనిపిస్తుంది. మాట్లాడేవాళ్లకు మాత్రం తాము ఓ అర అడుగు వెనక్కి వాలినట్టే ఉంటుంది. తమ గొంతు తమకు మామూలుగానే వినపడుతుంది కాబట్టి తేడా తెలియదు.

మరీ దగ్గరైనా చిక్కే. పెదవులు జాలీకి ఆనితే ఈ రకం మైకు గొంతులోని బరువు స్వరాలను అతిగా పెంచుతుంది, మాట గుమగుమలాడుతూ బండగా మారుతుంది. ప, ఫ, బ, భ అక్షరాల దగ్గర నోటి గాలి నేరుగా లోపలికి కొట్టి 'ధబ్బు' మంటుంది. పద్మ, ప్రభాకర్, భాస్కర్ లాంటి పేర్లు పలికేటప్పుడు ఇది బాగా తెలుస్తుంది. మైకును నోటికి సూటిగా గురిపెట్టకుండా, గడ్డానికి కొంచెం కింద నుంచి పెదవుల వైపు ఏటవాలుగా పట్టుకుంటే గాలి జాలీ మీదుగా దాటిపోతుంది, మాట మాత్రం అందుతుంది. ముఖం కూడా జనానికి కనపడుతుంది.

ప్రసంగ వేదిక బల్లకు బిగించి ఉండే సన్నని, వంగే కాడ మైకు సంగతి కాస్త వేరు. అది ఎక్కువగా కండెన్సర్ రకం. సున్నితం ఎక్కువ కాబట్టి జానెడు దూరం నుంచైనా పట్టుకుంటుంది. దాని మీదికి వంగిపోనక్కర్లేదు. అయితే బల్లను తట్టినా, కాగితాలు సర్దినా అదీ వినిపిస్తుంది.

గొంతు ఎంత పెంచాలన్నదానికి నాకు నచ్చిన కొలత మూడో వరుస. మైకు లేకపోయినా మూడో వరుసలో కూర్చున్న మనిషికి చేరేంత గొంతుతో మాట్లాడితే చాలు, మిగిలిన హాలు సంగతి మైకుసెట్టు అబ్బాయి చూసుకుంటాడు. అతనికి కావలసింది మన గొంతు ఎంత ఉంటుందో ముందే తెలియడం. సభకు ముందు "హలో, మైక్ టెస్టింగ్, వన్ టూ త్రీ" అని గొణిగితే అతను ఆ గొణుగుడుకు తగ్గట్టు పెంచి పెడతాడు. తీరా సభలో అసలు గొంతు వచ్చేసరికి తగ్గించడానికి పరిగెత్తాలి. పరిచయంలోని మొదటి వాక్యాన్నే, సభలో పలికే గొంతుతోనే, అదే దూరం నుంచి చదివి చూపిస్తే అతని పని సులువవుతుంది. జాలీ మీద వేలితో కొట్టడం, 'ఉఫ్' మని ఊదడం వద్దు. లోపలి పొర చాలా పలచనిది, నోటి తేమ కూడా దానికి మంచిది కాదు.

మైకు 'కుయ్' మని కూసినప్పుడు చాలామంది చేసే పని దాన్ని పెంచుతుంది. మైకులోకి వెళ్లిన శబ్దం స్పీకర్లోంచి బయటికొచ్చి, మళ్లీ మైకులోకి వెళ్లి, అలా తిరుగుతూ పెరిగిపోతుంటే వచ్చే కూత అది. కంగారుపడి జాలీని అరచేత్తో మూసేస్తారు. జాలీ కింద, వెనక వైపు ఉండే సందుల వల్లే ఆ మైకు ఎదుటి మాటకే ఎక్కువ చెవి ఒగ్గుతుంది. వాటిని మూసేస్తే అన్ని వైపుల శబ్దాన్నీ పట్టుకోవడం మొదలుపెడుతుంది, కూత హెచ్చుతుంది. కొందరు మైకును దూరం జరుపుతారు. అప్పుడు గొంతు తగ్గుతుంది, మైకుసెట్టు అబ్బాయి మళ్లీ పెంచుతాడు, కూత మళ్లీ వస్తుంది. చేయవలసింది మైకును దగ్గరకు తెచ్చుకుని, స్పీకరు ముందు నిలబడి ఉంటే అక్కడి నుంచి పక్కకు తప్పుకోవడం. అప్పుడతను ధైర్యంగా శబ్దం తగ్గించగలుగుతాడు. పట్టుకోవడం ఎప్పుడూ కాడ మధ్యలోనే. వైర్లెస్ మైకులు చాలావాటికి యాంటెనా అడుగు కొసన ఉంటుంది. అక్కడ గుప్పిట బిగిస్తే మాట తెగితెగి రావచ్చు.

ఇక కాగితం. పరిచయంలో నా దృష్టిలో సగం తప్పులు మైకు వల్ల రావు, చేతిలో ఉన్న ఏ4 కాగితం వల్ల వస్తాయి. పలచని పెద్ద కాగితం ఒంటి చేత్తో పట్టుకుంటే వాలిపోతుంది. చెయ్యి ఏమాత్రం వణికినా అది పది రెట్లు వణుకుతుంది, ఆ చప్పుడు మైకులోకి పోతుంది. పైగా అక్షరాలు చిన్నవైతే కళ్లు మాత్రమే కాక తలంతా కిందికి దిగుతుంది, మాట ఛాతీ మీద పడుతుంది. అట్టలాంటి మందపాటి కాగితాన్ని ఏ4లో సగానికి కోసి, ఒక వైపే, దూరం నుంచి కనపడేంత పెద్ద అక్షరాల్లో రాసుకోవడం మేలు. వాక్యం ఒక ముక్క నుంచి రెండో ముక్కకు సాగకూడదు. మూలన అంకె వేసుకోవాలి. చదివిన ముక్కను వెనక్కి తిప్పకుండా కిందికి జార్చాలి. మొబైల్ చూసి చదివే అలవాటు ఇప్పుడు పెరిగింది కానీ, తెర ఆరిపోవడం, మధ్యలో ఫోన్ రావడం, వేలు తగిలి పేజీ ఎగిరిపోవడం వంటివి పరిచయం మధ్యలో జరిగితే సరిదిద్దుకోవడానికి రెండో చెయ్యి ఖాళీగా ఉండదు.

ఒక సభను ఊహించుకుందాం. బడి వార్షికోత్సవం. వేదిక మీద కుర్చీల వరుస, దాని ముందు మధ్యలో స్టాండు మైకు. ముఖ్య అతిథి పదవీ విరమణ చేసిన ప్రధానోపాధ్యాయురాలు, పరిచయకర్త వెనక కూర్చుని ఉన్నారు. పరిచయం చేసేది పొట్టిగా ఉండే ఒక టీచరమ్మ. ఆమెకన్నా ముందు మాట్లాడినాయన బాగా పొడగరి.

ఆమె మొదట చేయవలసింది స్టాండు దించడం. మునికాళ్ల మీద నిలబడి మాట్లాడబోతే గొంతు బిగుసుకుంటుంది. స్టాండు మధ్యలోని బిగింపును ఒక చేత్తో వదులుచేసి, రెండో చేత్తో పై గొట్టాన్ని పట్టుకుని దించి, మళ్లీ బిగించాలి. పట్టుకోకపోతే గొట్టం ధడాలున జారుతుంది. జాలీ గడ్డం ఎత్తుకు వచ్చి, కాస్త పైకి వాలి ఉంటే చాలు. ఇది చేస్తున్నంతసేపూ మాట్లాడకూడదు. అయిదారు సెకన్లు సభ ఆగితే ఎవరికీ నష్టం లేదు.

స్టాండు ఉంది కాబట్టి రెండు చేతులూ ఖాళీయే. కాగితాన్ని రెండు చేతులతో ఛాతీ పై భాగం ఎత్తులో, మైకుకు కొంచెం పక్కగా పట్టుకుంటుంది. అప్పుడు కళ్లు దించితే అక్షరాలు కనపడతాయి, గడ్డం కదలదు. నోటికీ మైకుకూ మధ్య కాగితం రాదు. చేతి మైకే అయి ఉంటే ఒక చేత్తో మైకు, రెండో చేత్తో కాగితం పట్టుకుని, మైకు ఉన్న మోచేతిని పక్కటెముకలకు ఆనించుకోవాలి. మోచెయ్యి గాలిలో ఉంటే రెండు నిమిషాలకే చెయ్యి అలిసి మైకు బొడ్డు దగ్గరికి దిగిపోతుంది.

పేరు చెప్పే ఘట్టం ఇప్పుడు వచ్చింది. అతిథి వెనక ఉన్నారు. తల తిప్పి పేరు పలికితే నోరు మైకుకు దూరమవడమే కాదు, నోటి నుంచి ముందుకే ఎక్కువగా వెళ్లే స, శ, త, చ లాంటి పదునైన ధ్వనులు మైకును తప్పించుకుంటాయి. అచ్చుల మోత మిగిలి పేరు పోతుంది. అందుకని చూపునూ మాటనూ విడదీయాలి. పేరుకు ముందు ఆగి, మౌనంగా అతిథి వైపు తిరిగి చూడాలి. మళ్లీ మైకు ముందుకు వచ్చి, ఎదుట ఉన్న జనాన్ని చూస్తూ ఇంటిపేరు దగ్గర ఒక చిన్న విరామంతో పూర్తి పేరు పలకాలి. ఆ తరవాతే తిరిగి చెయ్యి చూపాలి. చేతి మైకుతో ఈ చిక్కు తక్కువ. గడ్డం ఎటు తిరిగితే మైకు అటు తిరిగేలా పట్టుకుంటే సరిపోతుంది.

వాక్య నిర్మాణం కూడా సాయపడాలి. "ఫలానా గారిని మాట్లాడవలసిందిగా సవినయంగా ఆహ్వానిస్తున్నాను" అంటే పేరు పలికీ పలకగానే చప్పట్లు మొదలవుతాయి, మిగిలిన వాక్యం అందులో మునిగిపోతుంది. ఆహ్వానమంతా ముందే చెప్పేసి, "మన ముఖ్య అతిథి" అని ఆగి, చివరి మాటగా పేరు పెట్టుకోవచ్చు. కాగితంలో కూడా ఆ పేరు విడిగా ఒక వరుసలో ఉండాలి. చివరి మాట అనేసరికి గొంతు దానంతటదే దిగుతుంది కాబట్టి పేరు కింద గీత గీసుకుంటే గుర్తుంటుంది.

పేరు చెప్పాక మైకు దగ్గర ఇంకేమీ చెప్పకూడదు. స్టాండు మైకైతే అతిథి ఎత్తుకు సరిచేసి పక్కకు జరగాలి. చేతి మైకైతే స్విచ్ ఆపకుండానే, జాలీ పైకి ఉండేలా, అతిథి కాడ మధ్యలో పట్టుకోగలిగేలా అందించాలి. శాలువా కప్పే కార్యక్రమం ఉంటే ముందుగానే మైకు వేరొకరి చేతికి ఇచ్చేయాలి. లేకపోతే జరీ అంచు జాలీకి రాసుకుని హాలంతా బరబరమంటుంది.

ఇదంతా సరిగ్గా జరిగిందా లేదా తెలుసుకోవడానికి స్నేహితులను "ఎలా ఉంది?" అని అడిగితే లాభం లేదు, బాగుందనే అంటారు. అతిథి ఎవరో తెలియని ఒకరిని ఆఖరి వరుసలో కూర్చోబెట్టి, వినపడినట్టుగా పేరు రాయమనండి. ఇంటిపేరుతో సహా సరిగ్గా రాసి ఉంటే మైకు అందుకున్నట్టే. సగమే ఉంటే, ఏ సగం పోయిందో చూస్తే తల తిప్పడం వల్లో, గొంతు దిగడం వల్లో తెలిసిపోతుంది. పేరంతా మసకబారితే తల తిరిగినట్టు, మొదటి భాగం వినపడి చివరి భాగం పోతే గొంతు దిగినట్టు.