రాగి చెంబు, ఆల్కలైన్ నీళ్లు: అసలు అందులో ఎంత ఉంది?

ఈమధ్య గృహప్రవేశానికి వెళ్తే తాంబూలం సంచిలో రాగి బాటిల్ పెట్టి ఇస్తున్నారు. అపార్ట్‌మెంటు నోటీసు బోర్డు మీదేమో ఆల్కలైన్ మిషన్ డెమో కాగితం. రెండింటి గురించీ వాట్సాప్‌లో తిరిగే మాటలు ఇంచుమించు ఒకటే: రక్తహీనత పోతుంది, ఎసిడిటీ మాయమవుతుంది, క్యాన్సర్ దరిచేరదు. రాగి నిజంగా చేసే మేలు ఒకటుంది. విచిత్రంగా అది ఈ జాబితాలోనే లేదు.

అపోహ: రాగి పాత్రలో పోస్తే చాలు, ఏ నీళ్లైనా శుద్ధి అవుతాయి

రాగి చేసే ఆ మేలు క్రిముల్ని చంపడం. దీన్ని బెంగళూరులో ప్రయోగం చేసి చూశారు, 2012లో ఫలితాలు ప్రచురించారు. తాగే నీటిలో కలరా, టైఫాయిడ్, విరేచనాలు తెచ్చే బ్యాక్టీరియాను కావాలని కలిపి, రాగి కుండల్లో 16 గంటలు ఉంచారు. తర్వాత ఆ నీటిని పరీక్షిస్తే వాటిలో ఏదీ మళ్లీ పెరగలేదు. ఆ వ్యవధిలో లీటరు నీటిలోకి దిగిన రాగి సుమారు 0.18 మిల్లీగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 2 మిల్లీగ్రాములు కాబట్టి, భయపడాల్సిన మోతాదు కాదు.

ఇక్కడ అసలు పని చేసింది 16 గంటలు. సాయంత్రం నింపి మర్నాడు పొద్దెక్కాక తాగే అలవాటుకు అర్థముంది గానీ, ఆఫీసులో గంటగంటకూ నింపుకుని తాగే బాటిల్‌కు అంత మహిమ ఉండదు. పైగా చచ్చేది బ్యాక్టీరియానే, నీళ్లలో కరిగి ఉన్నవి ఎక్కడికీ పోవు. నల్లగొండ బోరు నీళ్లను రాగి బిందెలో ఎన్నాళ్లు ఉంచినా ఫ్లోరైడ్ అలాగే ఉంటుంది.

అపోహ: రాగి నీళ్లతో ఒంటికి కావలసిన రాగి అంది, రక్తం పడుతుంది

పెద్దవాళ్లకు రోజుకు కావలసిన రాగి ఒక మిల్లీగ్రాముకు అటూఇటుగా. పైన చెప్పిన లెక్కన రెండు లీటర్లు తాగితే 0.36 మిల్లీగ్రాములు వస్తుంది. పది గ్రాముల నువ్వుల్లోనూ దాదాపు అంతే ఉంటుంది, అంటే చిన్న నువ్వుండ ఒకటి తిన్నట్టు. పప్పులు, జీడిపప్పు, మేక కార్జం తినే ఇంట్లో రాగి లోటు అరుదు. మన దగ్గర రక్తహీనతకు ఎక్కువగా కారణం ఇనుము తక్కువ కావడం. దానికి రాగి చెంబు మీద భరోసా పెట్టుకుని ఐరన్ మాత్రలు మానేస్తే నష్టం మనకే.

అపోహ: పూర్వం అన్నీ రాగి, ఇత్తడి పాత్రల్లోనే వండేవారు, ఎవరికీ ఏమీ కాలేదు

కాకేం, అయింది. చాలామందికి తెలియని కథ ఇదే.

ఒకప్పుడు మన దేశంలో ఏడాది నుంచి మూడేళ్ల లోపు పిల్లలకు ఒక కాలేయ జబ్బు వచ్చేది. పొట్ట ఉబ్బేది, కాలేయం పెరిగి చేతికి గట్టిగా తగిలేది, ఎక్కువమంది బతికేవారు కాదు. వైద్యులు దానికి ఇండియన్ చైల్డ్‌హుడ్ సిరోసిస్ అని పేరు పెట్టారు. ఆ పిల్లల కాలేయంలో రాగి విపరీతంగా పేరుకుని ఉండేది. అది ఎక్కణ్ణుంచి వచ్చిందా అని పుణె వైద్యులు, బ్రిటన్‌కు చెందిన స్టువర్ట్ టానర్‌తో కలిసి ఆరా తీశారు. తల్లిపాలు తొందరగా తగ్గించి ఆవుపాలో గేదెపాలో పట్టడం, ఆ పాలను కళాయి లేని ఇత్తడి, రాగి గిన్నెల్లో కాచి వాటిలోనే ఉంచడం బయటపడ్డాయి. 1983లో ఈ సంగతిని లాన్సెట్ పత్రికలో రాశారు.

నీళ్లకు లేని చిక్కు పాలకు ఎందుకు? పాలలోని కేసీన్ అనే మాంసకృత్తి రాగిని పట్టుకుని తనతోపాటు తీసుకుపోతుంది. పెద్దవాళ్లలో అదనపు రాగిని కాలేయం పైత్యరసంతో బయటికి పంపేస్తుంది, పసిపిల్లలకు ఆ శక్తి ఇంకా పూర్తిగా రాదు. ఆస్ట్రియాలోని టిరోల్ ప్రాంతంలోనూ ఇలాగే 1900 – 1974 మధ్య 138 మంది పసివాళ్లు చనిపోయారని తర్వాత తేలింది. అక్కడా కళాయి లేని రాగి పాత్రల్లో పాలు కాచేవారు. అలా పాలు తాగిన ప్రతి బిడ్డకూ జబ్బు రాలేదు కాబట్టి వంశపారంపర్య బలహీనత కూడా తోడై ఉంటుందని అంటారు. అయితే స్టీలు, అల్యూమినియం గిన్నెలు వచ్చాక రెండుచోట్లా ఆ జబ్బు దాదాపు కనుమరుగైంది.

పెద్దవాళ్లకు ప్రమాదం పులుపుతో వస్తుంది. నిమ్మరసం, మజ్జిగ, చారు వంటివి రాగిని గబగబా కరిగిస్తాయి. అందుకే మన ముసలమ్మలు పులుసు రాచ్చిప్పలో కాచేవారు, పెరుగు కుండలో తోడుపెట్టేవారు, ఇత్తడి గిన్నెకు ఏటా కళాయి వేయించేవారు. పెరుగు చిలుమెక్కిందంటే పారబోయడమే. ఇప్పుడు రాగి బాటిల్‌లో నిమ్మచెక్కలు వేసుకుని జిమ్‌కు వెళ్తున్నారు! నోట్లో లోహపు రుచి, తాగిన కొద్ది నిమిషాల నుంచి గంటలోపు వికారం, వాంతి, కడుపునొప్పి వస్తే ఆ బాటిల్‌నే అనుమానించాలి. లోపల పచ్చటి, నీలపు మరకలు కనిపిస్తే చింతపండుతో తోమి, పులుపు పోయేదాకా బాగా కడిగాకే నీళ్లు పట్టాలి. ఒంట్లో రాగి పేరుకుపోయే విల్సన్ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం రాగి పాత్రలో నీళ్లు తాగకూడదు.

అపోహ: పీహెచ్ 9.5 ఉన్న నీళ్లు ఒంట్లోని ఆమ్లాన్ని విరిచేస్తాయి

డెమోలో సేల్స్‌మన్ రెండు గ్లాసుల్లో చుక్కల మందు వేస్తాడు. మామూలు నీళ్లు పసుపు రంగుకో ఆకుపచ్చకో తిరుగుతాయి, మిషన్ నీళ్లు ఊదా రంగుకు. ఆ ఊదా గ్లాసులో స్ట్రా పెట్టి కాసేపు ఊదమనండి (పీల్చకూడదు సుమా). ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌కే ఆ రంగు పసుపు వైపు దిగిపోతుంది.

పీహెచ్ అంటే మిరపకాయ ఘాటు లాంటిది. ఎంత ఘాటైనదైనా గంగాళం పులుసులో ఒక్క కాయ వేస్తే ఏం కారం తగులుతుంది? ఎన్ని కాయలు పడ్డాయో చెప్పే లెక్క వేరే ఉంది, దాన్ని ఆల్కలినిటీ అంటారు. ఖనిజాలు తీసేసిన ఆర్వో నీళ్లను పీహెచ్ 9.5కు తెచ్చారనుకోండి. అలాంటి లీటరు నీళ్లలోని క్షారాన్ని పీహెచ్ 1.5 ఉన్న జఠరరసం ఒక్క మిల్లీలీటరు విరిచేస్తుంది. కడుపులో రోజుకు లీటరున్నర పైగా ఆ రసం ఊరుతుంది. గిన్నె అడుగున తెల్లటి పొర కట్టించే మన బోరు నీళ్లలో బైకార్బనేట్ రూపంలో అంతకు వందరెట్ల క్షారం ఉండవచ్చు. దాన్ని ఆర్వోతో తీసేసి, తర్వాత క్షారం కోసం ఇంకో మిషన్ కొంటున్నాం. తాగునీటి పీహెచ్ 6.5 – 8.5 మధ్య ఉండాలని మన భారతీయ ప్రమాణమే చెబుతోంది.

రక్తం పీహెచ్‌ను ఊపిరితిత్తులు, మూత్రపిండాలు 7.35 – 7.45 మధ్యే కట్టడి చేస్తాయి. ఏ నీళ్లు తాగినా అది కదలదు. క్యాన్సర్ మాటకొస్తే, 2016లో అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ వడబోసి చూసినవాళ్లకు ఆల్కలైన్ నీళ్లు దాన్ని నయం చేస్తాయనడానికి ఆధారం దొరకలేదు. ఈ వాదాన్ని పుస్తకాలతో ప్రపంచమంతా తిప్పిన అమెరికన్ రాబర్ట్ యంగ్‌కు 2017లో జైలుశిక్ష పడింది, లైసెన్సు లేకుండా వైద్యం చేసినందుకు.

ఎక్కువ నష్టపోయేది కిడ్నీలో రాళ్లున్నవాళ్లు. యూరిక్ యాసిడ్ రాళ్లను కరిగించడానికి మూత్రాన్ని క్షారం వైపు తిప్పాలి, డాక్టర్లు పొటాషియం సిట్రేట్ ఇచ్చేది అందుకే. 2024లో అమెరికన్ మూత్రవైద్యులు కొన్ని ఆల్కలైన్ బాటిళ్లను పరీక్షిస్తే పీహెచ్ 10 దాకా ఉంది గానీ, మూత్రాన్ని కదిలించేంత క్షారం లేదు. వీటిని నమ్మి మందు మానేసినవాడి రాయి పెరుగుతూ పోతుంది. పోనీ నిజంగానే క్షారం దండిగా ఉందనుకున్నా, కాల్షియం ఫాస్ఫేట్ రాళ్లవాళ్లకు అది ఎదురు తిరుగుతుంది, ఎందుకంటే అవి క్షార మూత్రంలోనే గట్టిపడతాయి. ఎవరిది ఏ రాయో పరీక్ష చేయిస్తేనే తెలుస్తుంది.